7.25 క్వార్టర్లీ, 7.20 మంత్లీ, 7.15 డైలీ: ఏడాది తిరిగేసరికి ఏది ఎక్కువ ఇస్తుంది?

ప్రశ్న: నాన్నగారికి రిటైర్‌మెంట్ డబ్బులొచ్చాయి, అందులో 10 లక్షలు ఏడాదికి డిపాజిట్ వేద్దామనుకుంటున్నాం. బ్యాంకులో 7.25 శాతం, క్వార్టర్లీ కాంపౌండింగ్. మా ఊళ్లో ఒక క్రెడిట్ సొసైటీ వాళ్లు 7.20 అంటున్నారు, మంత్లీ కాంపౌండింగ్. ఒక యాప్‌లో 7.15 ఉంది కానీ డైలీ కాంపౌండింగ్ అని పెద్దక్షరాలతో వేశారు. రోజూ వడ్డీ మీద వడ్డీ పడితే అదే ఎక్కువ వస్తుంది కదా? దేంట్లో వెయ్యాలి?

జవాబు:

బ్యాంకుదే ఎక్కువండి. 10 లక్షల మీద ఏడాదికి బ్యాంకులో 74,495 రూపాయలు, సొసైటీలో 74,424, యాప్‌లో 74,111 వస్తాయి. అంటే ఏడాదికి నికరంగా 7.45, 7.44, 7.41 శాతం అన్నమాట. డైలీ అని పెద్దక్షరాలతో వేసిందే అన్నిటికన్నా తక్కువ ఇస్తోంది. అయినా మొదటిదానికీ చివరిదానికీ తేడా 384 రూపాయలే కాబట్టి, మీరు నిజంగా చూసుకోవాల్సింది ఈ తేడా కాదు, డబ్బు ఎవరి చేతిలో పెడుతున్నారన్నది. దాని గురించి చివర్లో చెప్తాను, ముందు లెక్క చెప్తాను, ఎందుకంటే ఈ లెక్క ఒకసారి చేతికొస్తే ఏ బ్రోచరూ మిమ్మల్ని తికమక పెట్టలేదు. నేను బ్యాంకులో ముప్ఫై ఏళ్ల పైన పనిచేశాను, అందులో ఎక్కువ కాలం డిపాజిట్ల సెక్షన్‌లోనే, మీ ప్రశ్న నన్ను కౌంటర్ దగ్గర అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు.

బోర్డు మీద రాసే 7.25 ఉంది చూశారా, అది పేరుకి చెప్పే రేటు, నామినల్ రేటు అంటాం. వడ్డీని ఏడాదిలో ఎన్నిసార్లు అసలులో కలుపుతారన్నది దాంట్లో ఉండదు. కలిపిన తర్వాత ఏడాది చివర వంద రూపాయలకి నిజంగా ఎంత పెరిగిందో చెప్పేది ఎఫెక్టివ్ యీల్డ్. కాంపౌండింగ్ అనేది రేటుని పెంచదు, వచ్చిన వడ్డీ ఎప్పటినుంచి తను కూడా వడ్డీ సంపాదించడం మొదలుపెడుతుందో అదొక్కటే తేలుస్తుంది.

లక్ష రూపాయలు, 7.2 శాతం, క్వార్టర్లీ అనుకోండి, పైసలతో సహా చూద్దాం. ఏడాదికి 7.2 అంటే మూడు నెలలకి 1.8 శాతం. మొదటి క్వార్టర్‌కి 1,800 వస్తుంది, అది అసలులో కలిసి 1,01,800 అవుతుంది. రెండో క్వార్టర్ వడ్డీ ఈ మొత్తం మీద కాబట్టి 1,832.40. మూడో క్వార్టర్‌కి 1,865.38, నాలుగోదానికి 1,898.96. అన్నీ కలిపితే 7,396.74. బోర్డు మీద ఉన్న 7.2 ప్రకారం 7,200 మామూలు వడ్డీ, ఆ పైన వచ్చిన 196.74 మొత్తం వడ్డీ మీద వడ్డీ. కాంపౌండింగ్ వల్ల మీకు అదనంగా వచ్చేది ఆ 197 రూపాయలే, అంతకు మించి అందులో ఏమీ లేదు.

ఇప్పుడు అదే లక్ష, అదే 7.2 శాతం, వడ్డీ కలిపే గడువు ఒక్కటే మారుద్దాం. ఏడాదికోసారి కలిపితే 7,200. ఆర్నెల్లకోసారి అయితే 7,330. మూడు నెలలకోసారి 7,397. నెలనెలా 7,442. రోజూ కలిపితే 7,465. మరి గంటగంటకీ, నిమిషనిమిషానికీ కలిపితే? ఎంత చేసినా 7,466 దాటదు, అక్కడ గోడ ఉంది. మొత్తం కాంపౌండింగ్ ఇవ్వగలిగిన అదనం 266 రూపాయలైతే అందులో 197 క్వార్టర్లీతోనే వచ్చేసింది, అక్కడినుంచి రోజువారీకి పోయినా మిగిలేది 68 రూపాయలు. ఎందుకంటే జనవరిలో వచ్చిన వడ్డీని మార్చి చివరిదాకా ఆపకుండా వెంటనే పనిలో పెట్టినా అది సంపాదించేది చిన్న వడ్డీ మీద రెండు మూడు నెలల వడ్డీ, అసలు మీద వడ్డీ కాదు కదా. అందుకే డైలీ అనే మాటకి చెవికి ఉన్నంత బరువు లెక్కలో ఉండదు.

కాగితం, పెన్ను కూడా లేనప్పుడు నేను వాడే లెక్క: రేటుని రేటుతోనే గుణించి, సగం చేసి, వందతో భాగించండి. 7.2ని 7.2తో గుణిస్తే 51.84, సగం సుమారు 26, వందతో భాగిస్తే 0.26. రోజూ కలిపినా అదనంగా దొరికేది సుమారుగా అంతే. అందులో ఆర్నెల్లకోసారి కలిపేవాడు సగం ఇస్తాడు, క్వార్టర్లీ కలిపేవాడు ముప్పావు వంతు ఇస్తాడు, నెలనెలా కలిపేవాడు పన్నెండులో పదకొండు వంతులు ఇస్తాడు. మీ మూడు రేట్లకి ఇదే వేసి చూడండి, 7.25కి ముప్పావు వంతు కలిపితే 7.45 దగ్గరికొస్తుంది, 7.15కి మొత్తం కలిపినా 7.41 దగ్గరే ఆగిపోతుంది. ఏడెనిమిది శాతం రేట్ల దగ్గర, 0.1 శాతం రేటు తేడాని కాంపౌండింగ్ తరచుదనం పూడ్చలేదు, క్వార్టర్లీ నుంచి డైలీకి పోయినా సరే. బ్యాంకు 7.25తో సమానం కావాలంటే సొసైటీ వాళ్లు 7.207 ఇవ్వాలి, యాప్ వాళ్లు 7.186 ఇవ్వాలి. ఇద్దరూ అంతకన్నా కిందే ఉన్నారు, సొసైటీ వెంట్రుకవాసిలో, యాప్ కాస్త దూరంగా.

కచ్చితంగా కావాలంటే ఫోన్‌లో ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ తెరిచి ఇవి కొట్టండి, రెండో అంకె ఏడాదిలో ఎన్నిసార్లు కలుపుతారన్నది:

```
=EFFECT(7.25%,4)
=EFFECT(7.20%,12)
=EFFECT(7.15%,365)
```

సెల్‌లో ఒక్కోసారి 7% అని మాత్రమే చూపిస్తుంది, పక్కన దశాంశాలు పెంచుకోండి, లేకపోతే మూడూ ఒకటే అనిపిస్తాయి. లోపల జరిగేది (1 + r/n)^n − 1 అనే సూత్రమే, r అంటే రేటు, n అంటే ఏడాదిలో ఎన్నిసార్లు.

ఇక ఆ యాప్ సంగతి. రోజువారీ లెక్కకట్టడం వేరు, రోజువారీ కలపడం వేరు. ఇక్కడ చదువుకున్నవాళ్లు కూడా పొరబడతారు. మీ సేవింగ్స్ ఖాతా తీసుకోండి, 2010 ఏప్రిల్ 1 నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం వడ్డీని రోజువారీ బ్యాలెన్స్ మీదే కడుతున్నారు, అంతకుముందు నెలలో 10వ తారీఖు నుంచి నెలాఖరు దాకా ఉన్న కనీస బ్యాలెన్స్ మీద కట్టేవాళ్లం. కానీ రోజూ కట్టిన ఆ వడ్డీ ఒక పక్కన పేరుకుంటూ ఉంటుంది, చాలా బ్యాంకుల్లో మూడు నెలలకోసారి ఖాతాలో పడుతుంది, పడ్డాకే దాని మీద వడ్డీ మొదలవుతుంది. కాబట్టి అది క్వార్టర్లీ కాంపౌండింగే. 3 శాతం మీద లక్షకి ఆ తేడా ఏడాదికి 11 రూపాయలే అనుకోండి, కానీ మాట మాత్రం తప్పు. ఎఫ్‌డీల విషయానికొస్తే రిజర్వ్ బ్యాంక్ నిబంధనల్లో దేశీయ టర్మ్ డిపాజిట్ల మీద వడ్డీ మూడు నెలలకి గానీ అంతకన్నా ఎక్కువ గడువుకి గానీ అని ఉంటుంది. అందుకని ఎవరైనా డైలీ కాంపౌండింగ్ ఎఫ్‌డీ అంటే నేను ముందు అడిగేది, ఇది ఏ బ్యాంకు డిపాజిట్, రసీదు ఏ బ్యాంకు పేరు మీద వస్తుంది అని. చాలాసార్లు అది బ్యాంకు డిపాజిట్ కాదని తేలుతుంది, లేదంటే రోజువారీ లెక్క అన్నదాన్ని మార్కెటింగ్ వాళ్లు కాంపౌండింగ్ అని రాసేసి ఉంటారు.

ఇంకో ముఖ్యమైన విషయం, ఎఫెక్టివ్ యీల్డ్ అనేది వడ్డీని బయటికి తియ్యకుండా లోపలే ఉంచితేనే నిజం. నాన్నగారికి నెలనెలా ఖర్చులకి కావాలంటే ఈ పోలిక మారిపోతుంది. దీని మీద ఒక సంఘటన చెప్తాను, ఆ పెద్దాయన మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. టీచర్‌గా రిటైరై, 10 లక్షలు నెలవారీ వడ్డీ వచ్చేలా వేశారు. ఇంట్లో ఆయన వేసుకున్న లెక్క, 7.25 శాతం అంటే ఏడాదికి 72,500, పన్నెండుతో భాగిస్తే నెలకి 6,041. పాస్‌బుక్‌లో పడింది 6,005. నెలకి 36 రూపాయలు ఎవరో మింగేస్తున్నారని ఆయనకి అనుమానం, నెమ్మదైన మనిషి కాబట్టి గట్టిగా అడగలేక మూడు నెలలు ఊరుకుని నాలుగో నెల వచ్చారు.

పాస్‌బుక్ పక్కనే తెల్లకాగితం పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. బ్యాంకు ఇస్తానన్నది మూడు నెలలకి 18,125, మూడో నెల చివర. ఆయన మొదటి నెలలోనే కొంత తీసుకుంటున్నారు, అంటే రెండు నెలల ముందుగా. ముందే తీసుకున్నదానికి ఆ మేరకు తగ్గించి ఇస్తారు, దీన్నే డిస్కౌంట్ చేసి ఇవ్వడం అంటాం. మొదటి నెల 6,005 రూపాయల 50 పైసల మీద మిగిలిన రెండు నెలలకి అదే రేటున వడ్డీ 72 రూపాయలు, రెండో నెల దాని మీద ఒక నెలకి 36, మూడో నెలది వచ్చినరోజే లెక్క. మూడు 6,005.50లూ కలిపితే 18,016.50, దానికి 72, 36 కలపండి, 18,125కి కొన్ని పైసల తేడాతో సరిపోయింది. ఎవరూ ఏమీ మింగలేదు. ఆయన ఆ కాగితాన్ని మడిచి పాస్‌బుక్‌లోనే పెట్టుకుని వెళ్లారు. నాకు బాధనిపించింది ఏంటంటే, డిపాజిట్ వేసిన రోజే కౌంటర్‌లో ఒక్క మాట, నెలకి 6,005 పడుతుంది మాస్టారూ అని చెప్పి ఉంటే ఆ పెద్దమనిషి మూడు నెలలు మనసులో పెట్టుకుని తిరిగేవారు కాదు. ఆ తర్వాత నేను నెలవారీ వడ్డీ డిపాజిట్ తీసుకున్న ప్రతిసారీ రసీదు వెనక పెన్సిల్‌తో ఆ అంకె రాసిచ్చేవాణ్ణి.

మీ విషయంలో కూడా నాన్నగారు నెలనెలా తీసుకుంటారంటే సొసైటీ వాళ్లది నెలకి 0.6 శాతం కాబట్టి 6,000, బ్యాంకుది 6,005. నెలకి ఐదు రూపాయలు తేడా, అంతే.

ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువ మందిని పడేసేది. యీల్డ్ అనే మాటని రెండు రకాలుగా వాడతారు. ఐదేళ్ల డిపాజిట్‌కి 7.2 శాతం రేటు, యీల్డ్ 8.57 శాతం అని కరపత్రాల మీద వేస్తారు. చదివినవాళ్లు ఆహా, కాంపౌండింగ్ వల్ల 7.2 కాస్తా 8.57 అయిందనుకుంటారు. కానీ పైన చూశాం కదా, 7.2 శాతం రోజూ కలిపినా 7.47 దాటదు. మరి 8.57 ఎక్కణ్ణుంచి వచ్చింది? లక్ష రూపాయలు క్వార్టర్లీ లెక్కన ఐదేళ్లకి 1,42,875 అవుతుంది, అందులో వడ్డీ 42,875. దాన్ని ఐదుతో భాగించేశారు, 8,575 వచ్చింది, అదే యీల్డ్ అని రాసేశారు. అబద్ధపు అంకె కాదు, కానీ అది చక్రవడ్డీతో వచ్చిన మొత్తాన్ని బారువడ్డీలా పరిచి చూపించడం. అదే డిపాజిట్ పదేళ్లకి వేస్తే 2,04,132 అవుతుంది, అదే పద్ధతిలో భాగిస్తే యీల్డ్ 10.41. రేటు మారలేదు, ఏళ్లు పెంచితే యీల్డ్ పెరిగిపోయింది, అక్కడే తెలిసిపోవాలి ఆ అంకెతో పోల్చకూడదని. నిజమైన ఏడాది యీల్డ్ ఒక ఏడాదికి వేసినా పదేళ్లకి వేసినా ఒకటే, 7.40.

ఎలా పట్టుకోవాలంటే, రేటూ యీల్డూ అన్నీ పక్కన పెట్టి ఒక్కటే అడగండి, లక్షకి మెచ్యూరిటీ రోజున చేతికి ఎంత ఇస్తారు అని. ఆ అంకె చేతికొచ్చాక ఏడాది డిపాజిట్ అయితే తీసివేతే చాలు. ఐదేళ్లదైతే షీట్‌లో ఇలా కొట్టండి:

```
=(142875/100000)^(1/5)-1
```

0.07397 అని వస్తుంది, అంటే 7.40 శాతం. దీనితో ఏదైనా పోల్చుకోవచ్చు, పోస్టాఫీసుతో సహా. ఉదాహరణకి పోస్టాఫీసు ఎన్‌ఎస్‌సీ 2023 ఏప్రిల్‌లో 7.7 శాతం చేశారు, అది ఏడాదికోసారే కలుస్తుంది, కాబట్టి దాని ఎఫెక్టివ్ కూడా 7.7నే. ఐదేళ్లకి లక్ష 1,44,903 అవుతుంది. బ్యాంకులో 7.5 శాతం క్వార్టర్లీ దొరికితే దాని ఎఫెక్టివ్ 7.71, ఐదేళ్లకి 1,44,995. బోర్డు మీద 0.2 తక్కువ కనపడిన బ్యాంకు డిపాజిట్ ఐదేళ్ల తర్వాత 92 రూపాయలు ఎక్కువే ఇచ్చింది. చూడ్డానికి 7.7 ముందు 7.5 వెలవెలబోతుంది, నిజానికి రెండూ సమానం. ఏడాదికోసారి కలిపేదానికీ క్వార్టర్లీకీ పోలిక వచ్చినప్పుడు మాత్రం కాంపౌండింగ్ తేడా గట్టిగా పట్టించుకోవాలి. క్వార్టర్లీకీ డైలీకీ మధ్య అంత కాదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా ఇక్కడే తప్పు లెక్క వేస్తారు. అక్కడ ట్రూత్ ఇన్ సేవింగ్స్ చట్టం 1991లో వచ్చాక బ్యాంకులు డిపాజిట్ రేటు ప్రకటిస్తే ఏపీవై చెప్పి తీరాలి, అది ఎఫెక్టివ్ అంకె. 4.31 శాతం రోజూ కలిపితే వచ్చే 4.40ని అక్కడ పెద్దగా వేస్తారు. మన బ్యాంకులు బోర్డు మీద వేసేది నామినల్. మా మేనల్లుడు డాలస్ నుంచి ఫోన్ చేసి అక్కడి 4.40ని ఇక్కడి 7.25 పక్కన పెట్టి తేడా 2.85 అంటాడు. అక్కడిది ఆల్రెడీ కలిపేసిన అంకె, ఇక్కడిది కలపనిది, రెండూ ఒకే కొలతలోకి తెస్తే తేడా 3.05. రూపాయి డాలర్ మారకం, పన్నులు వేరే సంగతి, ముందు కొలబద్ద ఒకటి కావాలి కదా.

డిపాజిట్ల దగ్గర ఈ తేడా వందల్లో ఉంటుంది కాబట్టి సరే అనుకోవచ్చు. అప్పుల దగ్గర అనుకోవడానికి వీల్లేదు. పైన చెప్పిన రేటుని రేటుతో గుణించే లెక్కలోనే కారణం ఉంది, రేటు రెట్టింపైతే అదనం నాలుగింతలవుతుంది. క్రెడిట్ కార్డు మీద నెలకి 3.5 శాతం అనుకోండి, పన్నెండుతో గుణించి 42 శాతం అంటారు. ఏమీ కట్టకుండా వదిలేస్తే నెలనెలా వడ్డీ మీద వడ్డీ పడి ఏడాదికి అది 51.1 శాతం. డిపాజిట్ల దగ్గర పావు శాతం తేడా అనుకున్నది ఇక్కడ తొమ్మిది శాతం అయింది.

మన ఊళ్లలో ప్రోనోటు అప్పు ఇంకా దగ్గరి ఉదాహరణ. రెండు రూపాయల వడ్డీ అంటే వందకి నెలకి రెండు, ఏడాదికి 24 శాతం. మాటల్లో అంతటితో ఆపేస్తారు, బారువడ్డీనా చక్రవడ్డీనా, చక్రవడ్డీ అయితే ఎన్నాళ్లకోసారి అని ఎవరూ అడగరు. మా చిన్నాన్న అలాగే లక్ష తీసుకున్నాడు. ఆయన లెక్క బారువడ్డీ, మూడేళ్లకి 72 వేలు వడ్డీ, మొత్తం 1,72,000. అప్పిచ్చినాయన ప్రతి ఏడాదీ వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాయించుకున్నాడు, చిన్నాన్న సంతకం పెట్టాడు కూడా, నోటుకి మూడేళ్ల గడువు ఉంటుంది కాబట్టి తిరగరాయడం మామూలే కదా అనుకుని. మొదటి ఏడాది తిరిగాక రాసిన నోటు 1,24,000, తర్వాతది 1,53,760, చివరికి కట్టాల్సింది 1,90,662. 18,662 ఎక్కువ. అదే నెలనెలా కలిపే షరతు ఉంటే 2,03,989 అయ్యేది. మూడింటికీ పేరు ఒకటే, రెండు రూపాయల వడ్డీ. కోర్టులో నోటు మీద ఉన్న అంకెకే విలువ, మొదట ఎంత చేతికిచ్చారన్నది రుజువు చేసుకోవడం చాలా కష్టం. నోటు తిరగరాస్తున్నప్పుడు పాత నోటు వెనక్కి తీసుకోండి, కొత్త నోటులో అసలు ఎంత, కలిపిన వడ్డీ ఎంత అని విడివిడిగా ఒక కాగితం మీద రాయించుకోండి.

మళ్లీ మీ 10 లక్షల దగ్గరికి వస్తాను. ముందుగా ఆ 7.25 సీనియర్ సిటిజన్ రేటు కలిపి చెప్పారో, మామూలు రేటో కనుక్కోండి, 60 దాటినవాళ్లకి చాలా బ్యాంకులు అర శాతం ఎక్కువిస్తాయి, కాంపౌండింగ్ గొడవ మొత్తం కలిపినా ఆ అర శాతంలో సగానికి కాస్త పైన ఆగిపోతుంది. వడ్డీ లోపలే అసలులో కలిసే క్యుములేటివ్ డిపాజిట్‌లో వేస్తే టీడీఎస్ కోతని ఆ వడ్డీలోంచే తీస్తారు, తీసిన మేరకు ఆ డబ్బు మీద వడ్డీ ఆగిపోతుంది, కాబట్టి నాన్నగారికి పన్ను పడని ఆదాయమైతే ఆ డిక్లరేషన్ డిపాజిట్ వేసిన రోజే ఇచ్చెయ్యండి.

సొసైటీ వాళ్లది వెంట్రుకవాసి తక్కువ అన్నాను కదా, ఒకవేళ వాళ్లు రేపు 7.5 ఇస్తామన్నా నేనైతే రిటైర్‌మెంట్ డబ్బు అక్కడ వెయ్యను. క్రెడిట్ సొసైటీ బ్యాంకు కాదు, డిపాజిట్ ఇన్సూరెన్స్ బ్యాంకులకే ఉంటుంది, సహకార బ్యాంకులకి కూడా ఉంటుంది గానీ సొసైటీలకి ఉండదు. ఆ ఇన్సూరెన్స్ 2020 ఫిబ్రవరి నుంచి ఒక మనిషికి ఒక బ్యాంకులో 5 లక్షల దాకా, ఆ 5 లక్షల్లో వడ్డీ కూడా కలిసే ఉంటుంది, అది చాలామంది మర్చిపోతారు. 5 లక్షలు వేస్తే ఏడాది చివరికొచ్చే 37 వేల వడ్డీకి కవర్ ఉండదు.

అందుకని నేనైతే రెండు బ్యాంకుల్లో 4,65,000 చొప్పున వేసి, మిగిలిన 70 వేలు అమ్మగారి పేరు మీద గానీ మూడో బ్యాంకులో గానీ ఉంచమంటాను. 7.25 క్వార్టర్లీ లెక్కన 4,65,000 ఏడాదికి 4,99,640 అవుతుంది, కవర్ లోపలే సరిపోతుంది. రసీదు చేతికిచ్చినప్పుడు మెచ్యూరిటీ గడిలో ఆ అంకె ఉందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. 4,98,712 అని ఉంటే మీకు క్యుములేటివ్ కాకుండా బారువడ్డీ డిపాజిట్ వేశారని అర్థం, వడ్డీ అసలులో కలవట్లేదన్నమాట, అప్పటికప్పుడే మార్పించుకోండి.